విదేశాల్లో వైఫై, ప్లగ్గు, ఛార్జర్ అడగడం: అడిగే మాట కంటే వినే మాట కష్టం

ప్రశ్న: వచ్చే నెలలో అమ్మను తీసుకుని పారిస్, లండన్ వెళ్తున్నానండి. ఇద్దరికీ ఇదే మొదటి విదేశీ ప్రయాణం. కెఫేలో వైఫై పాస్‌వర్డ్, ఛార్జింగ్ పెట్టుకోవడానికి ప్లగ్గు, హోటల్లో ఛార్జర్ అడగాల్సి వస్తే ఎలా అడగాలి? వాళ్ళు చెప్పింది అర్థం కాకపోతే? అడక్కుండా ప్లగ్గు పెట్టేసుకుంటే తప్పా?

జవాబు:

నమస్తే అండి. మెషీన్ల ఇన్‌స్టలేషన్ పని మీద 14 ఏళ్ళుగా తిరుగుతున్నాను, అందులో సగం ఫ్రాన్స్‌లోనే. మీరు అడిగిన మూడు వస్తువులూ దాదాపు ప్రతి ప్రయాణంలోనూ ఎవరినో ఒకర్ని అడిగినవాడినే. నాకు తెలిసినంతలో అడగడం తేలిక. ఒక్క వాక్యం నేర్చుకుంటే అయిపోతుంది. చిక్కంతా వాళ్ళు జవాబు చెప్పినప్పుడు వస్తుంది. అందుకే ఎక్కువగా దాని గురించే రాస్తాను.

ముందు పారిస్. కౌంటర్ దగ్గరకు వెళ్ళగానే మొదటి మాట "బోఁజూర్". పలకరించకుండా నేరుగా విషయంలోకి దిగితే అక్కడ మొరటుగా అనిపిస్తుంది. ఇంగ్లీషులో ఎంత మర్యాదగా అడిగినా ముందు ఆ పలకరింపు లేకపోతే ముఖం ముడుచుకుంటారు. అది అన్నాక ఇంగ్లీషులో అడిగినా పరవాలేదు. ఫ్రెంచిలోనే అడగాలనిపిస్తే ఇంత చాలు: "బోఁజూర్, లె కోద్ వీఫీ, సిల్ వు ప్లే." వాళ్ళు వైఫై అనరు, వీఫీ అంటారు. పాస్‌వర్డ్‌ని మామూలుగా "కోద్" అనేస్తారు. ఏదైనా ఆర్డర్ ఇచ్చాక అడగండి. చాలా చోట్ల కోడ్ బిల్లు మీదే అచ్చయి ఉంటుంది, కాబట్టి అడిగే ముందు ఆ కాగితాన్ని అటూ ఇటూ ఒకసారి తిప్పి చూడండి.

ఇప్పుడు జవాబు సంగతి. మొదట్లో ఒక చిన్న ఊళ్ళో, పేరెందుకులెండి, ఒక కెఫేలో నాకు జరిగింది చెప్తాను. పని జరిగే చోటి నుంచి ఒక డ్రాయింగ్ అర్జెంటుగా పంపాలి. కౌంటర్‌లో ఉన్న అమ్మాయి ఇంగ్లీషులోనే మాట్లాడుతోంది. కోడ్ అడిగితే ఒక్కో అక్షరం నిదానంగా చెప్పింది. నాకు వినపడింది ఇది: జే, ఈ, సెవెన్, టూ, అ, జీ, ఆ, ఈ. నేను టైప్ చేసింది:

`je72agre`

తప్పు అని వచ్చింది. మళ్ళీ చెప్పమన్నాను. మళ్ళీ అవే శబ్దాలు, మళ్ళీ నా వేళ్ళు అవే అక్షరాల మీదికి వెళ్ళాయి. మూడోసారికి ఆ అమ్మాయి ఒక కాగితం మీద రాసి ఇచ్చింది:

`gi72ejai`

పక్కపక్కన పెట్టి చూడండి. 7, 2 తప్ప ఒక్కటీ కలవలేదు. ఆ అమ్మాయి ఇంగ్లీషు వాక్యాలు ఇంగ్లీషులోనే చెప్పింది, అంకెలూ ఇంగ్లీషులోనే చెప్పింది, కానీ అక్షరాల పేర్లు మాత్రం చిన్నప్పుడు బళ్ళో నేర్చుకున్నట్టే పలికింది. ఫ్రెంచిలో `G` పేరు "జే", `J` పేరు "జీ". మనం నేర్చుకున్నదానికి సరిగ్గా తలకిందులు. వాళ్ళ `I` "ఈ" అని వినిపిస్తుంది, మనకు అది `E`. వాళ్ళ `E` అకారానికీ ఎకారానికీ మధ్య ఎక్కడో ఉండే చిన్న శబ్దం, మనం దాన్ని `A` అనుకుంటాం. వాళ్ళ `A` "ఆ" అని వినిపించి మనకు `R` అయిపోతుంది. తప్పు ఎవరిదీ కాదు, ఇద్దరం సరిగ్గానే పలికాం, సరిగ్గానే విన్నాం. ఎన్నిసార్లు మళ్ళీ చెప్పమన్నా ఇది తెగదు. అందుకే రెండోసారి తప్పు వచ్చిందంటే మూడోసారి చెప్పమని అడగకండి. "కుడ్ యూ రైట్ ఇట్ డౌన్ ఫర్ మీ?" అనండి, కాగితం, పెన్ను చూపించండి. ఇప్పుడు నేనైతే మొదటిసారే రాసిమ్మంటాను.

అంకెల్లోనూ ఒక గోతి ఉంది. ఫ్రెంచిలో 70ని అరవై-పది అంటారు, 80ని నాలుగు-ఇరవైలు అంటారు, 92 అయితే నాలుగు-ఇరవైలు-పన్నెండు. "కాత్ర్ వాఁ దూజ్" అని వినపడితే ఫ్రెంచి కాస్త నేర్చుకున్నవాళ్ళు కూడా `42012` కొట్టేస్తారు. కొట్టాల్సింది `92`. అడ్డగీతలు ఇంకా విచిత్రం. "తిరే" అంటే మామూలు అడ్డగీత `-`, "తిరే బా" అంటే కింది గీత `_`. కొందరు వీటినే "ఆరు మీది గీత", "ఎనిమిది మీది గీత" అని కూడా అంటారు, "తిరే ద్యు సీస్", "తిరే ద్యు ఉయిత్" అని. వాళ్ళ కీబోర్డులో ఆ గీతలు 6, 8 అంకెల మీటల మీదే ఉంటాయి కాబట్టి. అది తెలియనివాళ్ళు పాస్‌వర్డ్‌లో 6 కొట్టేసి, ఇదెందుకు పనిచేయదని తల పట్టుకుంటారు. "మజుస్క్యూల్" అని వినపడితే పెద్ద అక్షరమని, "మినుస్క్యూల్" అంటే చిన్న అక్షరమని గుర్తుపెట్టుకోండి. ఇవన్నీ బట్టీ పట్టమని కాదు. రాయించుకోవడం ఎందుకు మేలో తెలియాలని చెప్తున్నాను.

రాసిన కాగితం చేతికొచ్చాక కూడా రెండు పనులు చేయండి. మొదటిది, అక్షరాలు లెక్కపెట్టండి. వైఫై పాస్‌వర్డ్‌కు కనీసం 8 అక్షరాలు ఉండాలి, అంతకంటే తక్కువ దాన్ని ఫోన్ అసలు తీసుకోదు, `Connect` బటన్ బూడిద రంగులోనే ఉండిపోతుంది. ఏడే కనిపిస్తున్నాయంటే ఏదో వదిలేశారు, లేదా అది నేరుగా కొట్టే పాస్‌వర్డ్ కాదు, తర్వాత వచ్చే పేజీలో కొట్టే కోడ్. రెండోది, పాస్‌వర్డ్ గడి పక్కనున్న కంటి గుర్తు నొక్కి, టైప్ చేసింది కనబడేలా పెట్టుకోండి. సున్నా `0`, అక్షరం `O`, అంకె `1`, చిన్న `l`, పెద్ద `I` చేతిరాతలో ఒకేలా ఉంటాయి. అనుమానమున్న గుర్తు మీద వేలు పెట్టి "లెటర్ ఆర్ నంబర్?" అని అడిగితే తేలిపోతుంది. వాళ్ళ చేతిరాతలో ఒకటి అంకెకు పైన పొడుగాటి తోక ఉంటుంది, మనకది 7లా కనిపిస్తుంది. వాళ్ళ 7కి నడుము మీద అడ్డగీత ఉంటుంది. గీత లేని 7 కనబడితే అది 1 అయ్యే అవకాశమే ఎక్కువ.

గోడ మీదో బల్ల మీదో క్యూఆర్ కోడ్ ఉంటే ఈ గొడవే లేదు, కెమెరా తెరిచి చూపిస్తే చాలు. మీలో ఒకరి ఫోన్ కలిశాక అమ్మగారి ఫోన్‌కి మళ్ళీ టైప్ చేయక్కర్లేదు. ఆండ్రాయిడ్ అయితే వైఫై సెట్టింగుల్లో ఆ నెట్‌వర్క్ పేరు నొక్కి `Share` అంటే క్యూఆర్ కోడ్ వస్తుంది, అమ్మగారి ఫోన్ కెమెరాతో దాన్ని చూస్తే కలిసిపోతుంది. పెద్దవాళ్ళతో వెళ్ళినప్పుడు నేను ఇదే చేస్తాను.

పాస్‌వర్డ్‌తో పాటు తప్పక అడగాల్సిన ఇంకో మాట ఉంది, దాన్ని చాలామంది అడగరు. నెట్‌వర్క్ పేరు. "విచ్ నెట్‌వర్క్ ఈజ్ యువర్స్?" అని అడిగి, ఫోన్‌లో కనిపిస్తున్న వరుసను చూపించండి, వాళ్ళు వేలు పెట్టి చూపిస్తారు. పక్క షాపుది, పైనున్న ఇంటిది, అన్నీ ఆ వరుసలోనే ఉంటాయి కాబట్టి తప్పు పేరుకు ఒప్పు పాస్‌వర్డ్ కొట్టి అవస్థ పడటం మామూలే. ఇంకో భయం కూడా ఉంది. ఎవరైనా అదే పేరుతో, పాస్‌వర్డ్ లేకుండా దొంగ వైఫై పెట్టగలరు. 2024లో ఆస్ట్రేలియా ఫెడరల్ పోలీసులు విమానాల్లో, విమానాశ్రయాల్లో ఇలాంటిదే పెట్టాడని ఒకతని మీద కేసు పెట్టారు. కలిసినవాళ్ళను ఒక పేజీకి తీసుకెళ్ళి ఈమెయిల్, సోషల్ మీడియా వివరాలతో లాగిన్ అవ్వమనేదట. దీని నుంచి మీరు గుర్తుంచుకోవాల్సింది ఒకటే. కెఫే పేజీ మీ ఈమెయిల్ అడ్రసు అడగొచ్చు, అది మామూలే. మీ ఈమెయిల్ పాస్‌వర్డ్ అడిగిందంటే వెంటనే బయటికి వచ్చేయండి.

ఆ పేజీ గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే లండన్‌లో మీకు ఎక్కువగా ఎదురయ్యేది అదే. పాస్‌వర్డ్ లేకుండానే కలిసిపోతుంది, వైఫై గుర్తు కూడా వస్తుంది, కానీ వాట్సాప్ మెసేజ్ వెళ్ళదు. "మీ వైఫై పనిచేయడం లేదు" అని కౌంటర్‌కి వెళ్తే వాళ్ళు "ఇక్కడ అందరికీ బాగానే వస్తోందే" అంటారు. అది నిజమే. మీరు షరతులు ఒప్పుకునే పేజీ ఇంకా దాటలేదు, అంతే. మామూలుగా ఫోన్ తనే `Sign in to network` అని చూపిస్తుంది, దాన్ని నొక్కితే పేజీ వస్తుంది. అది రాకపోతే బ్రౌజర్ తెరిచి ఇది టైప్ చేయండి:

`http://neverssl.com`

ఇదే ఎందుకంటే, ఇప్పుడు దాదాపు అన్ని సైట్లూ తాళం గుర్తున్న సురక్షిత కనెక్షన్‌తోనే తెరుచుకుంటాయి. కెఫే వైఫై వాటి మధ్యలో దూరి తన పేజీ చూపించలేదు. ఈ సైట్‌కు తాళం లేదు, కాబట్టి దారి మళ్ళించి తన పేజీ చూపించగలుగుతుంది. అప్పటికీ రాకపోతే ఫోన్‌లో వీపీఎన్ ఉంటే ఆపండి. ఆండ్రాయిడ్‌లో `Private DNS` అన్నచోట ఏదైనా ప్రత్యేకంగా పెట్టుకుని ఉంటే దాన్ని తాత్కాలికంగా `Automatic`కి మార్చండి. నాకు తగిలిన కేసుల్లో ఎక్కువ ఈ రెండింటితోనే తేలిపోయాయి. కొన్ని పేజీలు ఫోన్ నంబరు అడిగి ఎస్సెమ్మెస్‌లో కోడ్ పంపుతాయి. అక్కడ దేశం కోడ్ `+91` ఎంచుకోవాలి, మీ సిమ్‌లో రోమింగ్ పనిచేస్తూ ఉండాలి. మెసేజ్ రాకపోతే "ఐ యామ్ నాట్ గెటింగ్ ద టెక్స్ట్. ఈజ్ దేర్ అనదర్ వే టు లాగిన్?" అని అడగండి. బ్రిటన్‌లో ఎస్సెమ్మెస్‌ని టెక్స్ట్ అంటారు.

హోటల్ వైఫైలో మనవాళ్ళకే ప్రత్యేకంగా వచ్చే చిక్కు ఒకటి ఉంది. ఆ పేజీ గది నంబరు, `Last name` అడుగుతుంది. మనం ఏం కొట్టాలి? మన పాస్‌పోర్టులో ఇంటిపేరు `Surname` గడిలో ఉంటుంది, కానీ అందరికీ అలా ఉండదు. కొందరికి ఆ గడి ఖాళీ, పేరూ ఇంటిపేరూ కలిపి రెండో గడిలోనే ఉంటాయి. హోటల్ బుక్ చేసేటప్పుడు మనం రాసింది ఒకటి, రిసెప్షన్‌లో పాస్‌పోర్టు చూసి వాళ్ళు ఎక్కించింది ఇంకోటి. ఇంటిపేరులో రెండు ముక్కలుంటే వాళ్ళు కలిపి రాశారో విడదీశారో తెలియదు. నాలుగైదుసార్లు తప్పు కొడితే కాసేపు లోపలికి రానివ్వని పేజీలూ ఉన్నాయి. కాబట్టి ఊహించి కొట్టకండి. చెక్-ఇన్ అప్పుడే, తాళం కార్డు తీసుకుంటూ, "వాట్ లాస్ట్ నేమ్ డూ యూ హావ్ ఫర్ మీ ఇన్ ద సిస్టమ్?" అని అడగండి, వాళ్ళ స్క్రీన్ మీద ఎలా ఉందో స్పెల్లింగ్‌తో సహా రాయించుకోండి. గది మీ పేరు మీద తీసుకుంటే అమ్మగారి ఫోన్‌లో కూడా మీ పేరే కొట్టాలి, ఆవిడ పేరు కాదు. చాలా కుటుంబాలు ఇక్కడే ఆగిపోతాయి. ఒక గదికి ఇన్ని ఫోన్లే అని పరిమితి కూడా ఉండొచ్చు, ట్యాబ్, ల్యాప్‌టాప్ కూడా ఉంటే అదీ అప్పుడే అడిగేయండి.

ఇక ప్లగ్గు.

ముందు మాట సంగతి. మనం "కరెంట్ ఉందా", "ప్లగ్ పాయింట్ ఎక్కడ" అంటాం. ఇంగ్లీషులో "ఈజ్ దేర్ కరెంట్?" అంటే వాళ్ళకు అర్థం కాదు, "ప్లగ్ పాయింట్" కూడా చాలామందికి తెలియదు. లండన్‌లో "సాకెట్" అనండి. అదే అమెరికా అయితే "అవుట్‌లెట్", ఆస్ట్రేలియా అయితే "పవర్ పాయింట్". పారిస్‌లో "ప్రీజ్". "ఇల్ యా ఉన్ ప్రీజ్?" అని ఛార్జర్ చేత్తో పట్టుకుని చూపిస్తే ఇంక వివరణ అక్కర్లేదు.

లండన్‌లో వినిపించే మర్యాద వాక్యం ఒకటుంది: "డూ యూ మైండ్ ఇఫ్ ఐ ప్లగ్ దిస్ ఇన్?" దీనికి వాళ్ళు "నో, గో అహెడ్" అంటారు. "నో" వినగానే మనం సారీ చెప్పి వెనక్కి వచ్చేస్తాం. నిజానికి వాళ్ళు పెట్టుకోమన్నారు. మీకేమైనా అభ్యంతరమా అని అడిగాం కాబట్టి, లేదు అంటే సరే అని అర్థం. దీనికి విరుగుడు, ఆ వాక్యమే వాడకండి. "ఈజ్ ఇట్ ఓకే ఇఫ్ ఐ యూజ్ దిస్ సాకెట్?" అనండి. అప్పుడు "యెస్" అంటే యెస్సే. అయితే ఎదుటివాళ్ళు మిమ్మల్ని "డూ యూ మైండ్ ఇఫ్ ఐ సిట్ హియర్?" అని అడిగినప్పుడు మాత్రం జాగ్రత్త. మీరు "యెస్, యెస్" అని నవ్వుతూ కుర్చీ చూపిస్తే వాళ్ళు అయోమయంలో పడతారు. అక్కడ "నో, ప్లీజ్ సిట్" అనాలి.

అడక్కుండా పెట్టుకుంటే తప్పా అన్నారు కదా. బల్ల పక్కనే, కస్టమర్లు కూర్చునే చోటే సాకెట్ ఉండి, ఇంకో ఇద్దరు వాడుకుంటూ ఉంటే ఎవరూ ఏమీ అనరు. కానీ గోడ కింద ఊడ్చే యంత్రం కోసం పెట్టిన సాకెట్, కౌంటర్ వెనక సాకెట్, రైల్వే స్టేషన్ గోడ మీది సాకెట్, వీటి సంగతి వేరు. కరెంటును చాలా దేశాల చట్టం వస్తువు కిందే చూస్తుంది. జపాన్ శిక్షాస్మృతి 245వ సెక్షన్ దొంగతనం విషయంలో విద్యుత్తును ఆస్తిగానే పరిగణించాలని నేరుగా చెప్తుంది. జర్మనీలోనూ అనుమతి లేకుండా కరెంటు వాడుకోవడం మీద విడిగా ఒక సెక్షన్ ఉంది. ఫోన్ ఛార్జింగ్‌కి మిమ్మల్ని ఎవరో పట్టుకెళ్తారని భయపెట్టడం లేదు. అడిగితే ఒక్క క్షణం, అడక్కపోతే అందరి ముందూ చెప్పించుకోవాల్సి వస్తుంది, అమ్మగారి ముందు అది బాగుండదు. ఇంకో కారణం కూడా ఉంది. కొన్నిసార్లు అక్కడున్న ఫ్రిజ్‌దో, కార్డు మెషీన్‌దో ప్లగ్గు పీకి మనది పెట్టేస్తాం. అది మాత్రం ఎప్పుడూ చేయకండి, సాకెట్ ఖాళీగా ఉంటేనే అడగండి.

సాకెట్ దొరికాక ప్లగ్గు దూరుతుందా అన్నది తర్వాతి ప్రశ్న. మన ఫోన్ ఛార్జర్లలో సన్నటి రెండు గుండ్రటి పిన్నులున్నవి పారిస్ సాకెట్లలో సరిపోతాయి, అడాప్టర్ అక్కర్లేదు. అక్కడ గుంటలా లోపలికి ఉండే గుండ్రటి సాకెట్, దానిలోంచి బయటికి పొడుచుకొచ్చిన ఒక పిన్ను కనిపిస్తాయి. ఆ పిన్ను ఎర్త్, దాన్ని చూసి కంగారు పడకండి, రెండు పిన్నుల ఛార్జర్‌కు అది అడ్డు రాదు. ల్యాప్‌టాప్‌కుండే మన లావు మూడు పిన్నులది మాత్రం ఎక్కదు. లండన్‌లో మూడు చదరపు పిన్నులు, అక్కడ మీ ఛార్జర్ ఏదైనా సరే అడాప్టర్ కావాల్సిందే. ఆ సాకెట్‌లో కింది రెండు రంధ్రాలకు లోపల మూతలుంటాయి, పై పిన్ను దూరితేనే అవి తెరుచుకుంటాయి. కొందరు పెన్నో పుల్లో పై రంధ్రంలో గుచ్చి మూత తెరిచి మన రెండు పిన్నులది దూర్చేస్తారు. ఆ మూత ఉన్నదే రక్షణ కోసం, పైగా పిన్నులు లోపల వదులుగా ఆడి వేడెక్కుతాయి. అలా చేయకండి, ఎవరైనా చేసి చూపిస్తానన్నా వద్దనండి. వోల్టేజీ గురించి దిగులు లేదు, రెండు చోట్లా 230 వోల్టులే. ఛార్జర్ మీద సన్నటి అక్షరాల్లో `INPUT: 100-240V` అని ఉంటే అది ఎక్కడైనా పనిచేస్తుంది.

లండన్ హోటల్ బాత్రూములో అద్దం పక్కన రెండు రంధ్రాల సాకెట్ కనిపించి, మన ఛార్జర్ చక్కగా సరిపోయేలా ఉంటుంది. దాని మీద `SHAVERS ONLY` అని రాసి ఉంటుంది. గడ్డం గీసుకునే మెషీన్‌కి సరిపడా కొద్ది కరెంటే ఇచ్చేలా చేసిన సాకెట్ అది. అందులో ఫోన్ పెట్టవద్దు. రిసెప్షన్‌కి వెళ్ళి అడాప్టర్ అడిగి తెచ్చుకోండి.

రిసెప్షన్‌లో అడిగేటప్పుడు మాట కచ్చితంగా ఉండాలి. "ఛార్జర్" అంటే ఒకరికి తీగ, ఇంకొకరికి గోడకు పెట్టే ముక్క. కేబుల్ పోగొట్టుకుంటే "కేబుల్" అనండి, గోడ ముక్క కావాలంటే "ద ప్లగ్ యాజ్ వెల్" అని కలపండి. "సీ టైప్ పిన్ను" అన్నా, "సన్న పిన్ను" అన్నా తెలియదు, "యూఎస్‌బీ-సీ" అనాలి. పాత ఐఫోన్ అయితే "లైట్నింగ్". యూరోపియన్ యూనియన్‌లో 2024 డిసెంబర్ 28 నుంచి కొత్తగా అమ్మే ఫోన్లకు యూఎస్‌బీ-సీ తప్పనిసరి చేశారు, ఐఫోన్లు కూడా 2023లో వచ్చిన 15 నుంచి అదే. కాబట్టి పారిస్‌లో ఎవరి దగ్గరైనా ఆ కేబుల్ దొరకడం తేలికే. ఇంకా పాత మైక్రో యూఎస్‌బీ ఫోన్ అమ్మగారి దగ్గర ఉంటే మాత్రం రెండు కేబుళ్ళు వెంట తీసుకెళ్ళండి, అది అడిగి తెచ్చుకోవడం కష్టం.

అడిగే వాక్యం: "డూ యూ హావ్ ఎ యూఎస్‌బీ-సీ కేబుల్ ఐ కుడ్ బారో?" ఇక్కడ "బారో", "లెండ్" తారుమారు చేస్తాం. తెలుగులో ఇచ్చినా పుచ్చుకున్నా అప్పే కదా. తీసుకునేవాళ్ళది బారో, ఇచ్చేవాళ్ళది లెండ్. "కెన్ యూ బారో మీ" అన్నా అర్థం చేసుకుంటారు, కాకపోతే సరిగ్గా అన్నప్పుడు మీకే ధైర్యంగా ఉంటుంది. మునుపటి అతిథులు గదుల్లో వదిలేసిన ఛార్జర్లు హోటళ్ళ దగ్గర ఒక డబ్బాలో పోగుపడి ఉంటాయి, "పర్హాప్స్ సంథింగ్ ఎ గెస్ట్ లెఫ్ట్ బిహైండ్?" అని అడిగితే లేదన్నవాళ్ళు కూడా వెళ్ళి చూసి తెచ్చిన సందర్భాలు నాకు ఉన్నాయి. అడాప్టర్‌కి డిపాజిట్ అడగొచ్చు. ఏం రాసుకున్నారో చూడండి, చెక్-అవుట్ రోజున మర్చిపోయేది అదే.

కెఫేలో ఫోన్‌ని కౌంటర్ వెనక పెట్టి ఛార్జ్ చేస్తామని వాళ్ళే అనొచ్చు. మంచి మనసుతోనే అంటారు, కానీ కళ్ళెదురుగా లేని చోట నేను ఇవ్వను. టికెట్లు, హోటల్ అడ్రసు, డబ్బు అన్నీ అందులోనే కదా. తప్పనిసరైతే ఫోన్ ఆఫ్ చేసి ఇవ్వండి, త్వరగా కూడా ఎక్కుతుంది. మామూలు 20 వాట్ల ఛార్జర్‌తో అరగంటలో చాలా ఫోన్లు సుమారు సగానికి వస్తాయి, ఒక కాఫీ తాగేంతసేపు చాలు. హోటల్లో టీవీ వెనకున్న యూఎస్‌బీ రంధ్రాన్ని నమ్ముకుంటే మాత్రం అలా కాదు. పాతరకం రంధ్రం 500 మిల్లీయాంపులే ఇస్తుంది. 5000 బ్యాటరీ నిండాలంటే లెక్కలోనే పది గంటలు, నిజంగా ఇంకా ఎక్కువ. రాత్రి పెట్టి పొద్దున చూస్తే ఇంకా నిండలేదని ఫోన్ పాడైందనుకున్న వాళ్ళను చూశాను.

ఒక్కటి మిగిలింది. చాలా హోటళ్ళలో తలుపు పక్కన తాళం కార్డు పెట్టే చిన్న గూడు ఉంటుంది, కార్డు తీయగానే గదిలో కరెంటు పోతుంది. ఫోన్ ఛార్జింగ్‌లో పెట్టి అమ్మగారితో కిందికి టిఫిన్‌కి వెళ్ళి గంట తర్వాత వస్తే పెట్టిన చోటే ఆగి ఉంటుంది. మీరిద్దరు కాబట్టి చెక్-ఇన్ అప్పుడే "కుడ్ వి హావ్ టూ కీ కార్డ్స్, ప్లీజ్?" అని అడగండి. ఒకటి గూట్లో ఉంటుంది, ఒకటి మీ దగ్గర ఉంటుంది.